వీసా రాలేదు, ఫీజులో పది శాతం పట్టుకుంటామంటున్నారు

ప్రశ్న: మాది నరసరావుపేట. మెల్బోర్న్‌లోని ఒక యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది. మొదటి సెమిస్టర్ ఫీజు 18,600 ఆస్ట్రేలియా డాలర్లను ఎడ్యుకేషన్ లోన్ నుంచి బ్యాంకే నేరుగా పంపింది. మన లెక్కలో దాదాపు 11 లక్షలు, వడ్డీ 11 శాతం. ఫిబ్రవరి 11న నా వీసా తిరస్కరించారు. తరగతులు మార్చి 2న మొదలవుతాయి. ఆఫర్ లెటర్, తిరస్కరణ లేఖ జత చేసి ఫీజు తిరిగి ఇవ్వమని యూనివర్సిటీకి మెయిల్ పంపాను. పత్రాలు సరిపోవని, ఫారం నింపాలని, పది శాతం మినహాయించి 12 వారాల్లో ఇస్తామని జవాబు వచ్చింది. కన్సల్టెన్సీ వాళ్లు మాత్రం రిఫండ్ అడిగితే రికార్డు పాడవుతుంది, జూలైకి వాయిదా వేయించుకో అంటున్నారు. నాన్న పొలం హామీ పెట్టి తెచ్చిన డబ్బు. ఏం చేయాలి?
— ఒక విద్యార్థి

జవాబు: మీ ఫీజులోంచి ఆ యూనివర్సిటీ పట్టుకోగలిగింది 1,860 డాలర్లు కాదు, 500 డాలర్లు మాత్రమే. మిగిలిన 18,100 డాలర్లు మీకు రావాలి. అది కూడా 12 వారాల్లో కాదు, నాలుగు వారాల్లో. ఇది యూనివర్సిటీ దయ మీద ఆధారపడిన విషయం కాదు. ఆస్ట్రేలియా పార్లమెంటు 2000లో చేసిన, విదేశీ విద్యార్థులకు విద్యాసేవల గురించిన చట్టంలో ఉన్న హక్కు. అక్కడి వాళ్లు దాన్ని పొడి అక్షరాల్లో ఈఎస్ఓఎస్ చట్టం అంటారు. అందులో మీకు పనికివచ్చేది సెక్షన్ 47ఇ. ఈ అంకెను కాగితం మీద రాసిపెట్టుకోండి, మీ తర్వాతి మెయిల్ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆ సెక్షన్ చెప్పేది ఇది. విద్యార్థికి స్టూడెంట్ వీసా తిరస్కరించారు, ఆ కారణంగా అతను కోర్సులో చేరలేకపోయాడు లేదా కోర్సు నుంచి తప్పుకున్నాడు అనుకోండి. అప్పుడు యూనివర్సిటీ తన సొంత రిఫండ్ నిబంధనల ప్రకారం కాకుండా, ప్రభుత్వం నిర్ణయించిన లెక్క ప్రకారం ఫీజు తిరిగి ఇవ్వాలి. కోర్సు మొదలు కాకముందే వీసా నిరాకరించిన సందర్భంలో లెక్క చాలా సులువు. కట్టిన కోర్సు ఫీజులో ఐదు శాతం ఎంతో చూడాలి. దాన్ని 500 డాలర్లతో పోల్చాలి. రెండింటిలో ఏది తక్కువైతే అది మాత్రమే యూనివర్సిటీ ఉంచుకోవచ్చు. మీ 18,600లో ఐదు శాతం 930 డాలర్లు. 500 అంతకంటే తక్కువ కాబట్టి కోత 500 దగ్గర ఆగుతుంది. మీ స్నేహితుడెవరైనా 6,000 డాలర్లే కట్టి ఉంటే అతని ఐదు శాతం 300 అవుతుంది, అతనికి 300 మాత్రమే తగ్గిస్తారు. పది వేల డాలర్లకు పైన ఎంత కట్టినా కోత 500 దాటదు.

మరి వాళ్లు పది శాతం అని ఎందుకు రాశారు? మోసం చేయాలని రాసి ఉండరనే నా నమ్మకం. నేను కొన్నేళ్లు ఒక విద్యాసంస్థలో విదేశీ విద్యార్థుల రిఫండ్ ఫైళ్లు చూసే బల్ల దగ్గర పనిచేశాను. అక్కడికి రోజూ వచ్చే మెయిళ్లలో ఎక్కువ భాగం మనసు మార్చుకున్న విద్యార్థులవి. ఇంకో దేశంలో సీటు వచ్చిందనో, ఇంట్లో ఒప్పుకోలేదనో తప్పుకునేవాళ్లవి. వాళ్లకు యూనివర్సిటీ సొంత నిబంధనలు వర్తిస్తాయి. పది శాతమో, ఇరవై శాతమో, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువో పోతుంది. వీసా రాని వాళ్ల వరుస వేరు. మెయిల్ చూసే ఉద్యోగి దాన్ని ఏ వరుసలో పెట్టాలో విద్యార్థి రాసిన మాటలను బట్టి, జత చేసిన పత్రాలను బట్టి నిర్ణయిస్తాడు. పత్రాలు అసంపూర్ణంగా ఉంటే మామూలు వరుసలో పడిపోతుంది. మీ విషయంలో జరిగింది అదే అయి ఉండాలి. అందుకే కోపంతో జవాబు రాయకండి. ఫైలును సరైన వరుసలోకి మార్పించే జవాబు రాయండి.

ఆ జవాబులో అన్నిటికన్నా ముఖ్యమైనది మీ మొదటి మెయిల్‌లో ఉండి ఉండదని నా అనుమానం. ఫీజు తిరిగి ఇవ్వమని మాత్రమే అడిగి ఉంటారు. కోర్సు నుంచి తప్పుకుంటున్నానని చెప్పి ఉండరు. చాలామంది చెప్పరు, వీసా రాలేదంటే అది అర్థమయ్యే విషయమే కదా అనుకుంటారు. కానీ చట్టం దృష్టిలో వీసా తిరస్కరణతోనే రిఫండ్ హక్కు పుట్టదు. తిరస్కరణ వల్ల మీరు కోర్సు నుంచి తప్పుకోవాలి, లేదా మొదలయ్యే రోజున చేరకుండా ఉండిపోవాలి. ఆ రెండిటిలో ఒకటి జరిగిన రోజు నుంచే నాలుగు వారాల గడువు లెక్కలోకి వస్తుంది. ఫిబ్రవరి 23న మీరు తప్పుకుంటున్నట్టు రాతపూర్వకంగా పంపారనుకుందాం. గడువు మార్చి 23తో ముగుస్తుంది. ఏమీ రాయకుండా ఊరుకుంటే, మార్చి 2న మీరు చేరలేదు కాబట్టి గడువు మార్చి 30 దాకా పోతుంది. తేడా ఒక్క వారమే అనిపించవచ్చు. కానీ ఊరుకుంటే ఇంకో చిక్కు ఉంది. మీ పేరు మార్చి 2 తర్వాత కూడా విద్యార్థుల జాబితాలో ఉండిపోవచ్చు. ఫీజు లెక్కలు ముడిపడిన తేదీలు దాటితే కంప్యూటరు దానంతట అదే మీ పేరున బిల్లు తయారుచేస్తుంది. ఆ తర్వాత దాన్ని రద్దు చేయించడానికి పది మెయిళ్లు రాయాలి. కాబట్టి తరగతులు మొదలు కాకముందే తప్పుకుంటున్న సంగతి తేదీతో సహా రాసి పంపండి.

కారణం రాసేటప్పుడు ఒక్క వాక్యం చాలు. స్టూడెంట్ వీసా తిరస్కరించారు కాబట్టి కోర్సులో చేరలేను, అందువల్ల తప్పుకుంటున్నాను అని రాయండి. ఆర్థిక ఇబ్బందులు, నాన్నగారి ఆరోగ్యం, వేరే దేశంలో ప్రయత్నిస్తున్న సంగతి ఏదీ చేర్చకండి. అవి అబద్ధాలని కాదు. సెక్షన్ 47ఇ కావాలంటున్న కారణం తిరస్కరణ. దాని పక్కన ఇంకో మూడు కారణాలు కనిపిస్తే, విద్యార్థి మనసు మార్చుకున్నాడని చదువుకునే అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది.

ఇక జత చేసే పత్రాలు. సరిపోవని వాళ్లు అన్నది ఉత్తి సాకు కాకపోవచ్చు. మీరు ఆఫర్ లెటర్ పంపానన్నారు. దానిలో ఎన్ని పేజీలు పంపారో ఒకసారి చూడండి. కోర్సు పేరు, ఫీజు, మొదలయ్యే తేదీ ఉన్న రెండు మూడు పేజీలనే ఆఫర్ లెటర్ అనుకోవడం మామూలు. ఆస్ట్రేలియాలో సాధారణంగా అదే ఫైలు చివర ఒప్పంద పత్రం ఉంటుంది. మీరు సంతకం పెట్టి తేదీ వేసి తిరిగి పంపినది అదే. రిఫండ్ ఎలా అడగాలి, ఎంత వస్తుంది, మీ తరఫున ఇంకెవరైనా డబ్బు తీసుకోవచ్చా అన్నవి ఆ ఒప్పందంలో రాసి ఉండాలని అక్కడి జాతీయ నియమావళి చెబుతోంది. అందుకే రిఫండ్ చూసే ఉద్యోగి ముందుగా వెతికేది సంతకం ఉన్న ఆ పేజీల కోసం. మీ దగ్గర లేకపోతే కన్సల్టెన్సీని అడగండి. వాళ్లు ఇవ్వకపోతే అడ్మిషన్ పోర్టల్‌లో మీ ఖాతా తెరిస్తే దొరుకుతుంది. మొదటి పేజీలో క్రైకోస్ నంబరు ఉందో లేదో కూడా చూడండి. విదేశీ విద్యార్థులకు పాఠాలు చెప్పడానికి ప్రభుత్వం దగ్గర నమోదైన సంస్థలకు ఆ నంబరు ఉంటుంది. నేను చెబుతున్న చట్టం వర్తించేది ఆ నమోదు ఉన్నవాళ్లకే.

తిరస్కరణ లేఖ విషయంలో ఇంకా ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. వీసా రాలేదని చెప్పే లేఖ ఒకటి, ఎందుకు ఇవ్వలేదో వివరించే నిర్ణయ పత్రం ఇంకొకటి ఉంటాయి. విద్యార్థులు మొదటిది మాత్రమే పంపుతారు. కొందరైతే కన్సల్టెన్సీ వాట్సాప్‌లో పంపిన ఫోటోనే జత చేస్తారు. అందులో సగం అక్షరాలు కనిపించవు, పాస్‌పోర్టు నంబరు ఉండదు. నిర్ణయ పత్రం దాచడానికి అసలు కారణం సిగ్గు. మీరు నిజంగా చదువుకోవడానికే వస్తున్నారని మాకు నమ్మకం కుదరలేదు అన్న వాక్యం అందులో తరచూ ఉంటుంది. అది యూనివర్సిటీ వాళ్ల కంట పడితే ఏమవుతుందోనని భయపడతారు. ఏమీ కాదు. 2024 మార్చి 23 నుంచి అమల్లో ఉన్న జెన్యూన్ స్టూడెంట్ నిబంధన కింద తిరస్కరణకు గురైనవాళ్లలో మీరూ ఒకరై ఉంటారు, అంతే. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు అలాంటి పత్రాలు రోజూ చూస్తారు. వాళ్లు చూసేది మీ పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, వీసా రకం, నిర్ణయం తేదీ. పేజీలు తీసేసినా, వాక్యాలు చెరిపేసినా పత్రం నిజమైనదేనా అని అనుమానం వస్తుంది, ఫైలు ఇంకో రెండు వారాలు ఆగుతుంది. అన్ని పేజీలూ, వచ్చింది వచ్చినట్టు పంపండి.

ఒకవేళ ఆ పత్రం మీ చేతికి రాలేదేమో. వీసా దరఖాస్తులో ఉత్తరాలు అందుకునే ప్రతినిధిగా కన్సల్టెన్సీ పేరు ఉంటే లేఖ వాళ్లకే వెళ్తుంది, మీకు రాదు. మీరు సొంతంగా ఆస్ట్రేలియా ప్రభుత్వ వీసా వెబ్‌సైట్‌లో ఇమ్మిఅకౌంట్ అనే ఖాతా తెరిచి, దరఖాస్తు నంబరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు వివరాలతో మీ దరఖాస్తును అందులోకి తెచ్చుకోవచ్చు. టీఆర్ఎన్ అనే ఆ దరఖాస్తు నంబరు వీసా ఫీజు కట్టిన రసీదు మీద ఉంటుంది. దరఖాస్తు మీది, దాని మీద వచ్చిన నిర్ణయం మీది. ఇవ్వడానికి కన్సల్టెన్సీ డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఇప్పుడు మెయిల్. ఇంగ్లీషులోనే రాయాలి, కానీ పెద్ద భాష అవసరం లేదు. మొదటి పేరాలో మీ పేరు, స్టూడెంట్ నంబరు, కోర్సు పేరు, మొదలయ్యే తేదీ రాయండి. రెండో పేరాలో ఫిబ్రవరి 11న వీసా తిరస్కరించారని, అందువల్ల ఈ రోజు తేదీతో కోర్సు నుంచి తప్పుకుంటున్నానని రాయండి. మూడో పేరాలో లెక్క పెట్టండి: 18,600 కట్టాను, దానిలో ఐదు శాతం 930, 500 అంతకన్నా తక్కువ కాబట్టి 18,100 రావాలి, ఈఎస్ఓఎస్ చట్టం సెక్షన్ 47ఇ ప్రకారం నాలుగు వారాల్లో, అంటే మార్చి 23లోగా చెల్లించాలి. నాలుగో పేరాలో పది శాతం గురించి మర్యాదగా ఒక్క మాట అడగండి: మీరు చెప్పిన మినహాయింపు వీసా తిరస్కరణ సందర్భానికి వర్తిస్తుందని అనుకుంటున్నట్లయితే, ఏ నిబంధన కింద అనుకుంటున్నారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఈ ఒక్క ప్రశ్న చాలా పని చేస్తుంది. దానికి జవాబు రాయాలంటే ఉద్యోగి చట్టం తెరవాలి, లేదా పై అధికారికి పంపాలి. ఏది జరిగినా ఫైలు మామూలు వరుస నుంచి బయటికి వస్తుంది.

సబ్జెక్టు లైను, ఫైళ్ల పేర్లు ఇలా ఉంటే చూసేవాళ్లకు వెతుక్కునే పని ఉండదు:

```
Withdrawal and refund claim - student visa refused (ESOS Act s 47E)

1_Offer_and_signed_agreement.pdf
2_Visa_refusal_and_decision_record.pdf
3_Fee_receipt_and_SWIFT_copy.pdf
4_Passport_page.pdf
5_Refund_form_signed.pdf
```

మూడో ఫైలులోని స్విఫ్ట్ కాపీ అంటే ఫీజు విదేశానికి పంపినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం. మీ సొంత మెయిల్ నుంచి పంపండి. దరఖాస్తు సమయంలో కన్సల్టెన్సీ వాళ్లు మీ పేరుతో ఒక కొత్త మెయిల్ తెరిచి, పాస్‌వర్డు తమ దగ్గరే ఉంచుకుని ఉంటే, యూనివర్సిటీ రికార్డుల్లో ఉన్న చిరునామా అదే అయి ఉంటుంది. ముందు పోర్టల్‌లో మీ చిరునామా మార్చుకోండి. లేకపోతే జవాబులన్నీ మీరు చూడలేని చోటికి వెళ్తాయి. వాళ్లు నింపమన్న ఫారం నింపడంలో అభ్యంతరమేమీ లేదు, నింపండి. దానిలో పది శాతానికి ఒప్పుకుంటున్నాను అన్న గడి ఏదైనా ఉంటే దాన్ని వదిలేసి, చట్టప్రకారం లెక్క కోరుతున్నాను అని పక్కన రాయండి.

కన్సల్టెన్సీ మాటలకు వస్తాను. రిఫండ్ అడిగితే రికార్డు పాడవుతుందనడం నిజం కాదు. వీసా తిరస్కరణ ఇప్పటికే ఆస్ట్రేలియా ప్రభుత్వ రికార్డులో ఉంది. ఇకపై ఏ దేశానికి దరఖాస్తు చేసినా, ఇంతకుముందు వీసా తిరస్కరించారా అని అడిగితే అవునని నిజం చెప్పాలి, ఆ తిరస్కరణ పత్రం అడిగితే చూపాలి. ఫీజు తిరిగి తీసుకున్నారా అన్నది మీ గుణానికి మచ్చ తెచ్చే విషయం కానే కాదు. మీ డబ్బు మీరు అడుగుతున్నారు. వాళ్లు ఇలా చెప్పడానికి కారణం ఊహించడం కష్టం కాదు. విద్యార్థి చేరితేనే ఏజెంటుకు యూనివర్సిటీ నుంచి కమీషన్ వస్తుంది. రిఫండ్ అయిన ఫైలు మీద ఏమీ రాదు.

వాయిదా ఆలోచనను నేను పూర్తిగా కొట్టిపారేయను. ఆ కోర్సే కావాలి, నిర్ణయ పత్రంలో చూపిన లోపాలకు మీ దగ్గర కొత్త ఆధారాలున్నాయి అంటే జూలైకి మళ్లీ ప్రయత్నించవచ్చు. కానీ ఖర్చు ముందే లెక్కేసుకోండి. ఆస్ట్రేలియా బయట నుంచి దరఖాస్తు చేసి తిరస్కరణ పొందినవాళ్లకు సాధారణంగా ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు ఉండదు. అంటే కొత్త దరఖాస్తే గతి. 2025 జూలై నుంచి దాని రుసుము 2,000 డాలర్లు, మళ్లీ మొత్తం కట్టాలి. మీ 11 లక్షలు యూనివర్సిటీ దగ్గరే ఉంటే 11 శాతం లెక్కన నెలకు పది వేల రూపాయలకు పైగా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. మార్చి నుంచి జూలై దాకా యాభై వేలు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. వాయిదాకు ఒప్పుకుంటే కొత్త ఆఫర్, కొత్త తేదీ, కొత్త ఒప్పందం వస్తాయి. ఆ తర్వాత మీరు మళ్లీ వీసాకు దరఖాస్తు చేయకుండానే మనసు మార్చుకుంటే, తప్పుకున్నది ఫిబ్రవరి తిరస్కరణ వల్లనా, సొంత నిర్ణయం వల్లనా అన్న వాదన మొదలవుతుంది. ఈ రోజు మీ చేతిలో తిరుగులేకుండా ఉన్న హక్కు అప్పుడు తగవులో పడుతుంది. నా సలహా అడిగితే, ముందు డబ్బు వెనక్కి తెచ్చుకోండి. జూలైకో, వచ్చే ఏడాదికో మళ్లీ దరఖాస్తు చేసుకోవాలంటే అప్పుడు కొత్తగా చేసుకోవచ్చు.

మీలాంటివాళ్ల కోసం ఇంకొక మాట. వీసా మీద నిర్ణయం రాకముందే, తిరస్కరిస్తారేమోనన్న భయంతో దరఖాస్తును వెనక్కి తీసుకోమని చెప్పేవాళ్లున్నారు. అలా తీసుకుంటే తిరస్కరణ అనే మచ్చ ఉండదు, నిజమే. కానీ తిరస్కరణ లేదు కాబట్టి సెక్షన్ 47ఇ కూడా వర్తించదు. అప్పుడు ఎంత తిరిగి వస్తుందనేది ఒప్పందంలో మామూలుగా తప్పుకునేవాళ్లకు రాసిన నిబంధనను బట్టే ఉంటుంది. 18,600 డాలర్లకు 500 పోవలసిన చోట కొన్ని వేలు పోవచ్చు. అలాగే వెంట వచ్చే భార్యకో భర్తకో వీసా రాలేదని విద్యార్థి ఆగిపోతే, నిరాకరించింది విద్యార్థి వీసాను కాదు కాబట్టి ఈ రక్షణ దొరకదు. తప్పుడు పత్రాలు పెట్టినందుకు తిరస్కరించిన సందర్భాల్లో చాలా యూనివర్సిటీలు ఫీజు ఇవ్వబోమని తమ నిబంధనల్లో రాసుకుంటాయి. అది వేరే పోరాటం. మీ లేఖను బట్టి మీకు ఆ ఇబ్బంది లేదనుకుంటున్నాను. తప్పుడు పత్రాల కారణాన్ని సూచించే 4020 అన్న అంకె నిర్ణయ పత్రంలో ఎక్కడైనా ఉంటే మాత్రం నాకు మళ్లీ రాయండి.

డబ్బు వెనక్కి వచ్చే దారి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అంతా ఒప్పుకున్నాక కూడా రిఫండ్లు ఆగిపోయేది ఇక్కడే. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పంపడం యూనివర్సిటీలకు అలవాటు. మీ ఫీజు లోన్ ఖాతా నుంచి వెళ్లింది కాబట్టి అక్కడికే తిరిగి రావాలి, మీకూ అదే మేలు. ఫారంలో బ్యాంకు వివరాలు రాసే ముందు మీ బ్రాంచికి వెళ్లి మేనేజరును కలవండి. విదేశం నుంచి ఫీజు తిరిగి వస్తోందని చెప్పి, లోన్ ఖాతాకు జమ కావాలంటే ఏ పేరు, ఏ ఖాతా నంబరు, విదేశీ చెల్లింపుల్లో బ్యాంకును గుర్తించే ఏ స్విఫ్ట్ కోడు ఇవ్వాలో బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. చిన్న ఊళ్లలోని బ్రాంచీలకు చాలాసార్లు సొంత స్విఫ్ట్ కోడు ఉండదు. విదేశీ మారకం చూసే పెద్ద బ్రాంచి కోడు వాడాలి. ఐఎఫ్ఎస్‌సీ కోడునే స్విఫ్ట్ కోడు గడిలో రాసిన ఫారాలు నేను ఎన్నో చూశాను. డబ్బు సముద్రం దాటి వచ్చి, ఖాతా దొరక్క, నెల తర్వాత తిరిగి ఆస్ట్రేలియాకే వెళ్లిపోతుంది. ఖాతాదారు పేరు ఫారంలోనూ బ్యాంకులోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటి పేరు ముందా వెనకా అన్నది కూడా చూడండి.

ఆ పనిలో ఉండగానే ఒప్పందంలో రిఫండ్ తీసుకునే వ్యక్తి అన్న చోట ఎవరి పేరు ఉందో చూడండి. ఖాళీగా ఉంటే మంచిదే. అక్కడ కన్సల్టెన్సీ పేరు కనిపిస్తే, నా డబ్బు ఈ కింది లోన్ ఖాతాకే పంపాలి, వేరెవరికీ ఇవ్వడానికి నేను అనుమతించడం లేదు అని మెయిల్‌లో ఒక వాక్యం చేర్చండి. రిఫండ్ ఫారం మేమే నింపి పంపుతాం, సంతకం పెట్టి ఇవ్వు అని ఎవరైనా అంటే ఖాళీ ఫారం మీద సంతకం చేయకండి. రిఫండ్ తెప్పించినందుకు ఇంత శాతం ఇవ్వాలంటే కూడా ఒప్పుకోకండి. ఈ పని మొత్తానికి మీకు కావలసింది ఒక మెయిల్, ఐదు ఫైళ్లు.

యూనివర్సిటీ 18,100 డాలర్లు పంపినా మధ్యలోని బ్యాంకులు కొన్ని డాలర్లు తీసుకోవచ్చు, ఆ రోజు డాలరు ధరను బట్టి రూపాయల్లో మీరు పంపినదానికి కాస్త ఎక్కువో తక్కువో రావచ్చు. దానికి యూనివర్సిటీ బాధ్యత లేదు. ఆరోగ్య బీమా డబ్బు వేరుగా కట్టి ఉంటే ఆ బీమా కంపెనీకే తిరస్కరణ పత్రం పంపి అడగండి. వీసా రుసుము, వైద్య పరీక్షల ఖర్చు తిరిగి రావు.

ఇంత చేసినా పది శాతం మీదే పట్టుబడితే, లేదా మార్చి 23 దాటినా డబ్బు రాకపోతే, అదే యూనివర్సిటీలోని ఫిర్యాదుల విభాగానికి రాయండి. విదేశీ విద్యార్థుల ఫిర్యాదును అందిన పది పనిదినాల్లోగా పరిశీలించడం మొదలుపెట్టాలని జాతీయ నియమావళిలో ఉంది. కొత్తగా కథంతా చెప్పవద్దు. 47ఇ కింద అడిగిన మెయిల్, వాళ్లిచ్చిన జవాబు జత చేసి, ఒక్క వాక్యంలో తగవు ఏమిటో చెప్పండి: 500 తగ్గించాలా, 1,860 తగ్గించాలా? అక్కడా తేలకపోతే నేషనల్ స్టూడెంట్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఉన్నత విద్యా సంస్థల మీద విద్యార్థుల ఫిర్యాదులు వినడానికి 2025 ఫిబ్రవరి 1 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ కార్యాలయం అది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, నరసరావుపేట నుంచే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. యూనివర్సిటీలోపల ముందు ప్రయత్నించారా అని వాళ్లు అడుగుతారు, అందుకే ఫిర్యాదుల విభాగం మెట్టును దాటవేయవద్దన్నాను. నా అనుభవంలో ఇలాంటి ఫైళ్లు అంత దూరం వెళ్లడం తక్కువ. సెక్షన్ నంబరు, సరైన లెక్క, పూర్తి పత్రాలు ఒకే మెయిల్‌లో కనిపించగానే ఎక్కువ చోట్ల కోత 500కు దిగుతుంది.

ఫిబ్రవరి 23, సోమవారం పొద్దున ముందు బ్యాంకుకు వెళ్లి స్విఫ్ట్ వివరాల లేఖ తీసుకోండి, ఆ సాయంత్రమే మెయిల్ పంపండి. డబ్బు జమ అయిన రోజున లోన్ ఖాతా స్టేట్‌మెంట్ తీసుకుని, అసలు ఎంత తగ్గిందో నాన్నగారికి చూపండి. పొలం పత్రాలు వెనక్కి అడగడానికి అదే పనికివస్తుంది.